డేటా, ఏఐ ఉద్యోగం అంటున్నారు సరే, రోజూ చేసే పనేంటో ముందే తేల్చుకోవడం ఎలా?

2014లో నాకొచ్చిన మొదటి ఆఫర్ లెటర్‌లో హోదా దగ్గర "డేటా సైంటిస్ట్" అని ఉంది. మా నాన్న అందులో రెండో మాట ఒక్కటే పట్టుకుని, అమ్మాయి సైంటిస్ట్ అయిందని వీధంతా చెప్పుకొచ్చారు. ఆఫీసులో నేను చేసిన పని మాత్రం ఇది. నెల మొదట్లో, నాకంటే ముందు ఎవరో రాసిపెట్టి వెళ్లిన ఓ పెద్ద క్వెరీ తెరవాలి. అందులో ఈ ఒక్క లైను మార్చాలి:

```sql
WHERE order_date BETWEEN '2014-03-01' AND '2014-03-31'
```

మార్చిని ఏప్రిల్ చేసి, 31ని 30 చేసి రన్ కొట్టాలి. వచ్చినదంతా ఎక్సెల్‌లో పోసి, తగ్గిన అంకెలకు ఎరుపు, పెరిగినవాటికి ఆకుపచ్చ రంగు వేసి మెయిల్ పెట్టాలి. అలా 14 నెలలు గడిచాయి. ఇంటర్వ్యూలో వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. "ఎస్‌క్యూఎల్ వాడతాం, రోజూ డేటాతోనే పని" అన్నారు. రెండూ నిజమే. ఆ ఎస్‌క్యూఎల్‌తో ఏం చేస్తారని నేనే అడగలేదు.

ఇప్పుడు నేనే ఇంటర్వ్యూలు తీసుకుంటున్నాను. హోదా పేరు ఎలా పుడుతుందో దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నా, దాని మీద ఎక్కువ బరువు పెట్టకండి. పేరు మార్చడానికి కంపెనీకి పైసా ఖర్చు లేదు. అమెరికాలో లిఫ్ట్ అనే క్యాబ్ కంపెనీ 2018లో తన డేటా అనలిస్టుల పేరును డేటా సైంటిస్టులని మార్చింది, అప్పటిదాకా డేటా సైంటిస్టులుగా ఉన్నవాళ్లను రీసెర్చ్ సైంటిస్టులని పిలిచింది. వాళ్లు ఆ సంగతి బాహాటంగానే చెప్పారు. అలా చెప్పకుండా పేర్లు మార్చేవాళ్లే ఎక్కువ. మన దగ్గర సర్వీస్ కంపెనీల్లో ఇంకో మెలిక ఉంది. క్లయింట్‌కు బిల్లు వేసే పేరు ఒకటి, ఆఫర్ లెటర్‌లో రాసే పేరు ఒకటి, అబ్బాయి సీట్లో కూర్చుని చేసే పని ఇంకొకటి.

ఈమధ్య మా పిన్ని కొడుక్కి ఇలాంటి ఉద్యోగమే ఒకటి తగిలింది. వాడు కాకినాడలో బీటెక్ చదివి, అమీర్‌పేటలో ఆరు నెలలు పైథాన్ కోర్సు చేశాడు. హైదరాబాద్‌లో "ఏఐ డేటా స్పెషలిస్ట్" కావాలని ప్రకటన వస్తే, "అక్కా, ఇది మంచిదేనా?" అని ఫోన్ చేశాడు. వాడితో ఏమేం అడిగించానో అదే వరసలో చెబుతాను.

1. ముందు హోదా మీద వేలు పెట్టి మూసేసి, కింద చదవండి

ప్రకటనలో ఉన్నదాని సారాంశం ఇది: అత్యాధునిక ఏఐ మోడల్స్‌తో పనిచేసే అవకాశం. డేటా నాణ్యత బాధ్యత. గైడ్‌లైన్స్‌ను తు.చ. తప్పకుండా పాటించాలి. చిన్న చిన్న వివరాలు కూడా వదలని శ్రద్ధ ఉండాలి. ఇంగ్లీష్ చదవడం, రాయడం బాగా రావాలి. రొటేషనల్ షిఫ్టులు. మా సొంత ప్లాట్‌ఫామ్ మీద పని. పైథాన్ తెలిస్తే అదనపు అర్హత.

ఇందులో విశేషణాలన్నీ కొట్టేసి క్రియలు మాత్రమే మిగల్చమన్నాను. మిగిలినవి "పాటించాలి, చదవాలి, రాయాలి". కట్టాలి, రాబట్టాలి, సరిచేయాలి లాంటి మాటే లేదు. పైగా గైడ్‌లైన్స్, షిఫ్టులు, సొంత ప్లాట్‌ఫామ్ అనే మూడూ ఒకేచోట కనబడ్డాయి. ఈ మూడూ కలిసి వస్తే చాలావరకు అది అనొటేషన్ పని. అంటే ఫొటోలో ఆటో ఎక్కడుందో, మనిషి ఎక్కడున్నాడో డబ్బా గీసి పేరు పెట్టడం, లేదా మోడల్ ఇచ్చిన రెండు జవాబుల్లో ఏది మెరుగో చెప్పి, ఎందుకో రెండు ముక్కలు రాయడం. అవసరమైన పనే, దాంతోనే మోడల్స్ నేర్చుకుంటాయి. కానీ మావాడు అనుకుంటున్న పని అది కాదు. వాడు మోడల్ తయారుచేసే చోటికి వెళ్తున్నాననుకున్నాడు.

"పైథాన్ అదనపు అర్హత" అన్న ముక్క దగ్గర కూడా ఆగాలి. రోజూ వాడే పనిముట్టునెవరూ అదనపు అర్హత అనరు. డ్రైవర్ ఉద్యోగానికి స్టీరింగ్ తెలిస్తే మంచిది అని రాయరు కదా.

ఇంతవరకూ అనుమానమే. ప్రకటన రాసింది హెచ్ఆర్ వాళ్లు కావచ్చు, పాత ప్రకటన కాపీ కొట్టి ఉండొచ్చు. తేలాలంటే మనుషుల్ని అడగాలి.

2. హెచ్ఆర్‌ను హెచ్ఆర్‌కు తెలిసినవే అడగండి

మొదటి ఫోన్‌లోనే హెచ్ఆర్‌ని "మీరు ఏ మోడల్స్ వాడతారు?" అని అడిగితే, వాళ్లు ప్రకటనే మళ్లీ చదువుతారు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకు తెలియదు. కానీ వాళ్లకు కచ్చితంగా తెలిసినవి కొన్ని ఉన్నాయి. షిఫ్టు ఏంటి, ఒకే టీమ్‌లో ఈ హోదాతో ఎంతమందిని తీసుకుంటున్నారు, జీతం ఏ కంపెనీ పేరు మీద పడుతుంది, ప్రాజెక్ట్ ఖాయమైందా, మళ్లీ క్లయింట్ ఇంటర్వ్యూ ఉందా, ఎన్ని రౌండ్లు, ఏ రౌండ్‌లో ఏ టెస్టు.

వీటిలో "ఎంతమంది" అన్నదే ఎక్కువ చెబుతుంది. ఒకే హోదాకు ఒకేసారి 60 మందిని తీసుకుంటున్నారంటే, ఆ పని ముందే ముక్కలు చేసి, రూల్స్ రాసిపెట్టిన పని. మోడల్ కట్టే టీమ్‌లోకి అంతమంది ఫ్రెషర్లను ఒకేసారి తీసుకోరు. మావాడికి వచ్చిన జవాబు: "ఈ బ్యాచ్‌లో 80 పొజిషన్స్ ఉన్నాయి సర్, ఫ్రెండ్స్ ఉంటే రిఫర్ చేయండి."

ప్రాజెక్ట్ ఇంకా ఖాయం కాలేదంటే, మీకిస్తున్నది పేరు మాత్రమే అని అర్థం. పని చేరాక తేలుతుంది. అలాంటి ఆఫర్ తీసుకోవద్దని కాదు, చాలామంది కెరీర్లు అలాగే మొదలవుతాయి. కానీ ఆ హోదా చూసి ఇంకో మంచి ఆఫర్ వదులుకోకండి.

ఇదే ఫోన్‌లో ట్రైనింగ్ ఫీజనో, ల్యాప్‌టాప్ డిపాజిట్ అనో డబ్బు అడిగితే మిగతా స్టెప్పులు అక్కర్లేదు. ఫోన్ పెట్టేయండి.

3. మేనేజర్‌ను గత వారం గురించి అడగండి

అసలు ప్రశ్న ఇదొక్కటే. "ఈ సీట్లో ఇప్పుడు ఉన్నవాళ్లు పోయిన వారం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏం చేశారో కొంచెం చెబుతారా?"

"రోల్ ఎలా ఉంటుంది?" అని అడిగితే మేనేజర్ రాబోయే ఏడాది గురించి చెబుతారు. అక్కడ అందరికీ ఆశలే. నేను కూడా అలాగే చెబుతాను, నాకూ మనుషులు కావాలి కదా. పోయిన వారం గురించి అడిగితే మాత్రం కల్పించి చెప్పడం కష్టం. ఎవరైనా కాసేపు ఆగి గుర్తు తెచ్చుకోవాల్సిందే.

నిజమైన జవాబు కొంచెం చిందరవందరగా ఉంటుంది. "సోమవారం పొద్దున రిటర్న్స్ రిపోర్ట్‌లో అంకె తేడా వచ్చింది. రెండు రోజులు దాని వెనకే తిరిగాం, చివరికి ఒక స్టోర్ డేటా రెండుసార్లు లోడ్ అయిందని తేలింది. గురువారం మార్కెటింగ్ వాళ్లతో మీటింగ్, వాళ్లకు కొత్త డాష్‌బోర్డ్ కావాలట." ఇలా చెప్పారంటే అది డేటా అనలిస్ట్ పని, అదీ సత్తా ఉన్న పని. అలా కాకుండా "ఎండ్ టు ఎండ్ డేటా సొల్యూషన్స్, స్టేక్‌హోల్డర్స్‌తో కొలాబరేషన్" అని వచ్చిందంటే, మళ్లీ మర్యాదగా అడగండి: "అలాంటిదొకటి, ఈమధ్యే చేసినది చెబుతారా సర్?" రెండోసారి కూడా అదే పాట వస్తే, ఆ మేనేజర్‌కు పని తెలియదు లేదా చెప్పడం ఇష్టం లేదు. రెండిట్లో ఏదైనా మీకు తెలియాల్సిందే.

దీని వెంటనే ఇంకో రెండు అడగండి. పని మీ దగ్గరికి ఎలా వస్తుంది? బాగా చేశారో లేదో ఎలా లెక్కేస్తారు? రెండోదానికి జవాబు వినగానే ఉద్యోగం అసలు రూపం బయటపడుతుంది. గంటకు ఇన్ని ఫొటోలు, ఇంత శాతం కచ్చితత్వం అన్నారంటే అనొటేషన్. ఇన్ని గంటల్లోగా టికెట్ క్లోజ్ చేయాలి అన్నారంటే సపోర్ట్. ఏ తారీఖుకు ఏ రిపోర్ట్ వెళ్లాలి అన్నారంటే రిపోర్టింగ్. కౌంట్ అంటూ ఏమీ లేదు, మూడు నెలలకోసారి ఏం కట్టామో, దాన్ని ఎవరు వాడుతున్నారో చూస్తాం అన్నారంటే, అక్కడ కట్టే పనే జరుగుతోందని అనుకోవచ్చు.

మావాడు ఈ ప్రశ్న అడిగితే అవతలి టీమ్ లీడ్ నిజాయితీగానే చెప్పాడు. మొదటి నెల గంటకు 40 ఇమేజ్‌లు, తర్వాత 65, క్వాలిటీ 95 శాతం తగ్గకూడదు, తగ్గితే మళ్లీ ట్రైనింగ్. అప్పటికి మావాడి గొంతు కొంచెం నీరసించిందట.

4. టూల్స్ పేర్లు అడగొద్దు, ఏ స్క్రీన్ ఎంతసేపు అని అడగండి

"ఏ టూల్స్ వాడతారు?" అంటే కంపెనీ కొన్న లైసెన్సుల జాబితా మొత్తం చెబుతారు. పైథాన్, స్పార్క్, పవర్ బీఐ అన్నీ వినబడతాయి. అవన్నీ ఆ బిల్డింగ్‌లో ఎక్కడో ఒకచోట ఉంటాయి కూడా. అందుకే ఇలా అడగాలి: "ఎనిమిది గంటల్లో స్క్రీన్ మీద ఎక్కువసేపు తెరిచి ఉండేది ఏది?"

డేటా ఇంజనీర్ అని పిలిచి, రోజంతా తెరిచి ఉండేది సర్వీస్‌నౌ అన్నారనుకోండి. అది టికెట్ల టూల్. రాత్రి వాటంతటవే నడిచే ప్రోగ్రామ్‌లను కాపలా కాయడం, ఫెయిలైతే మళ్లీ రన్ చేయడం, కుదరకపోతే పైవాళ్లకు పంపడం, అదీ పని. మన ఊళ్లల్లో డేటా ఇంజనీర్ అన్న పేరు కింద ఎక్కువగా దాక్కునేది ఇదే. నిజంగా పైప్‌లైన్, అంటే డేటాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి దానంతటదే చేర్చే ఏర్పాటు, కట్టేవాళ్లైతే కోడ్ ఎడిటర్, ఎయిర్‌ఫ్లో లాంటి షెడ్యూలర్, గిట్ పేర్లు వస్తాయి. నేను ఇంకో ప్రశ్న కూడా కలుపుతాను: "పైప్‌లైన్ రాత్రి రెండింటికి పడిపోతే ఎవరు లేస్తారు?" కట్టేవాళ్లూ లేవాల్సి రావచ్చు. కానీ "పడిపోయిన కారణం ఎవరు సరిచేస్తారు?" అన్నదానికి "వేరే టీమ్" అన్నారంటే మీరు కాపలా మాత్రమే.

ఎస్‌క్యూఎల్, పైథాన్ అన్నారంటే, నా 14 నెలలు గుర్తు పెట్టుకుని, రాస్తారా, రన్ చేస్తారా అని అడగండి. "ఈ నెలలో టీమ్‌లో ఎవరైనా కొత్తగా రాసిన క్వెరీ ఏ ప్రశ్నకు జవాబు కోసం?" అంటే చాలు. కొత్తగా రాసేవాళ్లకు ఏదో ఒకటి గుర్తుంటుంది. తారీఖులు మార్చేవాళ్లకు గుర్తుండదు, గుర్తుంచుకోవడానికి ఏమీ ఉండదు.

డేటా సైంటిస్ట్ హోదా అయితే అడగాల్సింది అల్గారిథమ్ గురించి కాదు. "పోయిన ఏడాదిలో మీరు కట్టిన ఏ మోడల్ ఇప్పుడు ఎవరు వాడుతున్నారు?" అని అడగండి. ఒక్కటి చెప్పినా చాలు. ఒక్కటీ లేకపోతే రెండో ప్రశ్న: "డేటా ఎక్కడ ఉంటుంది, నాకు ఎలా అందుతుంది?" బ్రాంచీల నుంచి మెయిల్లో ఎక్సెల్ షీట్లు వస్తాయన్నారంటే, మొదటి ఏడాదంతా ఆ షీట్లను ఒక చోటికి చేర్చడంతోనే సరిపోతుంది. "మీరే మా మొదటి డేటా సైంటిస్ట్" అన్న మాట వినడానికి గొప్పగా ఉంటుంది. ఫ్రెషర్‌కు మాత్రం అది ఇబ్బందే, పక్క సీట్లో అడిగి తెలుసుకోవడానికి ఎవరూ ఉండరు.

ఏఐ ఇంజనీర్ అన్న పేరు ఈ రెండు మూడేళ్లలో బాగా పెరిగింది. అక్కడ ముందు తేల్చుకోవాల్సింది, మోడల్‌ను వాళ్లే ట్రైన్ చేస్తారా, లేక బయటి మోడల్‌ను ఏపీఐతో పిలిచి దాని చుట్టూ సాఫ్ట్‌వేర్ కడతారా అన్నది. ఎక్కువచోట్ల రెండోదే. అందులో తక్కువేం లేదు, మంచి సాఫ్ట్‌వేర్ పనే. అయితే మ్యాథ్స్ ఇష్టపడి మోడల్స్ ట్రైన్ చేద్దామని వెళ్లినవాళ్లకు నిరాశ తప్పదు. తర్వాతి ప్రశ్న: "మీ సిస్టమ్ తప్పు జవాబు ఇస్తోందని ఎలా తెలుసుకుంటారు?" సరైన జవాబులు ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నల సెట్ ఒకటి ఉంది, ఏదైనా మార్చిన ప్రతిసారీ దాని మీద నడిపి చూస్తాం అన్నారంటే అది పని జరుగుతున్న చోటు. "వాడి చూస్తాం, బాగానే వస్తోంది" అన్నారంటే ఇంకా డెమో దశలోనే ఉన్నారు. డెమో దశ టీమ్‌లు బడ్జెట్ మారగానే మాయమవుతుంటాయి, నేను రెండింటిని చూశాను.

5. టెస్టు ఏం అడుగుతోందో చూడండి

ప్రకటనలో ఏమైనా రాసుకోవచ్చు గానీ, టెస్టు తయారు చేయడానికి టైమ్ పడుతుంది కాబట్టి దాంట్లో అబద్ధం తక్కువ. మావాడికి పంపిన టెస్టులో 12 పేజీల గైడ్‌లైన్స్ పీడీఎఫ్, 30 ఫొటోలు ఉన్నాయి. సగం కనబడే బైక్‌కు కనిపించినంత వరకే డబ్బా గీయాలా, దాగిన భాగాన్ని కూడా ఊహించి గీయాలా లాంటి ప్రశ్నలు. పైథాన్ ఒక్క లైను లేదు. అక్కడితో అనుమానం పూర్తిగా తీరిపోయింది.

అలాగే ఎస్‌క్యూఎల్‌లో రెండు టేబుల్స్ కలపమని, వచ్చిన అంకెకు అర్థం చెప్పమని అడిగితే అనలిస్ట్ పని. కోడింగ్ రౌండ్లు, సిస్టమ్ డిజైన్ ఉంటే ఇంజనీర్ పని. ఇక్కడ ఒక జాగ్రత్త. పెద్ద కంపెనీలు కొన్ని హోదాతో సంబంధం లేకుండా అందరికీ ఒకటే కోడింగ్ టెస్టు పెడతాయి. కాబట్టి టెస్టు కష్టంగా ఉందని పని కూడా అలాగే ఉంటుందనుకోవద్దు. చిన్న కంపెనీల టెస్టునే ఎక్కువ నమ్మొచ్చు, దాన్ని చాలాసార్లు ఆ టీమ్ వాళ్లే కూర్చి ఉంటారు.

అసలు టెస్టే లేకుండా, ఒక్క హెచ్ఆర్ రౌండ్‌తో ఏఐ ఇంజనీర్‌గా తీసుకుంటామంటే, మూడో స్టెప్పుకు తిరిగి వెళ్లి టీమ్ లీడ్‌తో పది నిమిషాలు మాట్లాడించమని అడగండి.

6. ఖాయం చేసుకునే ముందు ఒక మెయిల్ రాయండి

ఆఫర్ లెటర్‌లో పని వివరాలు రాయించుకోవడం మనవాళ్లకు సాధారణంగా కుదరదు, ఫ్రెషర్‌కు అసలే కుదరదు. మెయిల్ పెట్టడం మాత్రం కుదురుతుంది. ఫోన్‌లో విన్నదాన్ని నాలుగు లైన్లలో రాసి, "నేను అర్థం చేసుకున్నది సరేనా మేడమ్?" అని అడగండి. రోజువారీ పని, ఎక్కువసేపు వాడే టూల్, టార్గెట్, షిఫ్టు, ఈ నాలుగూ ఉంటే చాలు. ఆ మెయిల్ చట్టపరంగా మిమ్మల్ని కాపాడుతుందని కాదు. విన్నదీ చెప్పిందీ వేరైతే ఈ దశలోనే బయటపడుతుంది. మావాడి మెయిల్‌కు హెచ్ఆర్ మేడమ్ జవాబిస్తూ ఒక్కటి సరిదిద్దింది. అది పర్మనెంట్ కాదు, ఆరు నెలల కాంట్రాక్ట్ అని. ఫోన్‌లో ఆ ముక్క రాలేదు.

ఇదంతా తేలాక కూడా ఆ ఉద్యోగంలో చేరొచ్చు. ఇంటి అద్దె కట్టాలి, ఖాళీగా ఉండలేం అనుకుంటే అనొటేషన్ జీతం కూడా జీతమే. అయితే తెలిసే చేరాలి. సాయంత్రాలు ఎస్‌క్యూఎల్‌కు ఎన్ని గంటలు మిగులుతాయో షిఫ్టు చూసి లెక్కేసుకుని చేరాలి.

మావాడు చేరలేదు. వాడి దగ్గర ఇంకో పిలుపు ఉంది, పేరు చూసి పక్కన పడేసింది. ఒక మందుల డిస్ట్రిబ్యూషన్ కంపెనీలో "ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్", అంటే రిపోర్టులు తయారుచేసే ఉద్యోగం. ఆ మాట పెళ్లి సంబంధాల్లో కూడా పనికిరాదని వాడి బాధ. అదే ప్రశ్న అక్కడ కూడా అడగమన్నాను. అక్కడి మేనేజర్ కాసేపు ఆలోచించి చెప్పాడట: "పోయిన వారమా? ఎక్స్‌పైరీ దగ్గరపడిన స్టాక్ ఏ డిపోలో ఎంతుందో ఎవరికీ తెలియట్లేదు బాబూ. ముందున్నతను మూడు టేబుల్స్ కలిపి క్వెరీ రాసి, పవర్ బీఐలో పెడుతున్నాడు. సగంలో మానేసి బెంగళూరు వెళ్లిపోయాడు. నువ్వు వస్తే అది పూర్తి చేయాలి."

జీతం నెలకు రెండు వేలు తక్కువ. వాడు చేరి మూడు నెలలైంది. మొన్న ఆదివారం ఫోన్ చేసి, ఒకే బ్యాచ్ నంబరు రెండు డిపోల్లో కనబడుతోంది, ఇది డూప్లికేటా, నిజంగానే స్టాక్ పంచారా, ఎలా తేల్చాలక్కా అని అడిగాడు.